4,217వ వరుస దగ్గర ఆగిన పాల బిల్లు

పాల సొసైటీల్లో పదిహేను రోజులకోసారి బిల్లుల రోజు వస్తుంది. రైతు ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతం ఎంత, దాణా బాకీ కింద ఎంత మినహాయించాలి అన్నీ లెక్కగట్టి, ఎవరి ఖాతాలో ఎంత జమ చేయాలో వరుసలుగా రాసిన ఫైలును కంప్యూటర్‌కు ఇస్తారు. అలాంటి ఫైలు ఒకదానిలో 6,000 బిల్లులున్నాయనుకుందాం. రాత్రి పది గంటలకు ప్రోగ్రాం మొదలైంది. 4,216 వరుసలు సాఫీగా నడిచాయి. 4,217వ వరుసలో 4860 అని ఉండాల్సిన చోట చివరి సున్నాకు బదులు ఎవరో ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం కొట్టారు. అది అంకె కాదు కాబట్టి డేటాబేస్ తీసుకోనంది. ప్రోగ్రాం ఆగిపోయింది.

ఇప్పుడు ముందున్న 4,216 మందికి డబ్బు జమ అయినట్టా, కానట్టా? తెల్లారాక ఫోన్ చేసే సొసైటీ కార్యదర్శికి ఏం చెప్పాలి? ఫైలు సరిదిద్ది ప్రోగ్రాంను మళ్లీ నడిపితే వాళ్లకు రెండోసారి జమ అవుతుందా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ప్రోగ్రాంలో ఒకే ఒక్క మాట ఎక్కడ రాశారన్న దానిమీద ఉంటుంది. ఆ మాట పేరు కమిట్.

డేటాబేస్‌లో ఏదైనా రాసినప్పుడు అది వెంటనే ఖాయం కాదు. ‘ఇంతవరకు చేసింది ఖాయం’ అని ప్రోగ్రాం చెప్పేదాకా ఆ మార్పులు తాత్కాలికమే. మిగతా వాళ్లకు అవి కనిపించవు, మధ్యలో కరెంటు పోతే మిగలవు. కమిట్ అనగానే డేటాబేస్ ఆ మార్పుల చిట్టాను డిస్కు మీద రాయించి, రాత పూర్తయిందని తేలాకే ‘సరే’ అంటుంది. ఆ తర్వాత యంత్రం ఆగిపోయినా ఆ లెక్క పోదు. కమిట్‌కు ముందే ఏదైనా తేడా వస్తే అప్పటిదాకా రాసింది వెనక్కి తీసేస్తారు. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు.

పాల బిల్లుల ప్రోగ్రాంను రెండు రకాలుగా రాయొచ్చు. మొదటిది:

```python
for row in rows:
    post(row)
    db.commit()
```

రెండోది:

```python
for row in rows:
    post(row)
db.commit()
```

ఇక్కడ `post` అంటే రైతు ఖాతాపద్దులో ఆ బిల్లు సొమ్ము జమ రాయడం. చివరి పంక్తి ముందున్న నాలుగు ఖాళీలు తప్ప రెండింటికీ తేడా లేదు. మొదటి దానిలో ప్రతి రైతు లెక్కా విడిగా ఖాయమవుతుంది. రెండో దానిలో 6,000 మంది లెక్కా ఒకేసారి ఖాయమవుతుంది, లేదా అసలు ఏదీ కాదు. మొదటి పద్ధతిలో 4,216 మందికి జమ అయింది, 1,784 మందికి కాలేదు. రెండో పద్ధతిలో ఎవరికీ జమ కాలేదు.

ఒక్కో వరుసకు కమిట్ చేస్తే ప్రోగ్రాం నెమ్మదిస్తుందని మొదట వినిపించే అభ్యంతరం. అది నిజమే, కానీ ఎంత నిజమో లెక్క వేయాలి. మొబైల్ ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ విస్తారంగా వాడే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తయారీదారులే ఈ లెక్క చెప్పారు. మామూలు డెస్క్‌టాప్ మీద సెకనుకు 50,000 వరుసలు చేర్చగలిగే ఆ డేటాబేస్, నిమిషానికి 7,200 సార్లు తిరిగే పాతకాలపు డిస్కు మీద సెకనుకు దాదాపు 60 కమిట్లు మాత్రమే చేయగలదు. ఒక్కో కమిట్‌కు డిస్కు రెండు చుట్లు తిరగాల్సి రావడమే కారణం. మన 6,000 బిల్లులకు ఆ లెక్కన వంద సెకన్లు పడుతుంది. రాత్రిపూట నడిచే పనికి అది ఏమాత్రం భారం కాదు. అదే 60 లక్షల వరుసలైతే దాదాపు 28 గంటలు పడుతుంది. ఈరోజు ఫైలు రేపటికి కూడా పూర్తికాదు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీ డిస్కులు చాలా వేగంగా ఉంటాయి కాబట్టి ఈ అంకెలు మారతాయి. అయినా కమిట్ ఖరీదైనదన్న సంగతి మారదు. చిన్న ఫైళ్ల విషయంలో మాత్రం వేగాన్ని సాకుగా చూపి పద్ధతి ఎంచుకోవడం పొరపాటు. అక్కడ అసలు తేల్చుకోవాల్సింది సగంలో ఆగితే ఏమవుతుందన్నదే.

అంతా ఒకేసారి ఖాయం చేసే పద్ధతిలో పెద్ద సుఖం ఉంది. పొద్దున వచ్చిన ఉద్యోగికి రెండే అవకాశాలుంటాయి: పని అయింది, లేదా అసలు మొదలే కానట్టు ఉంది. తప్పు సరిదిద్ది, మొదటి నుంచి మళ్లీ నడిపితే చాలు. దానికి చెల్లించే మూల్యం కూడా అంతే స్పష్టంగా ఉంటుంది. ఒక రైతు వరుసలో పడిన అక్షర దోషం మిగతా 5,999 మంది డబ్బును ఆపేస్తుంది. సరిదిద్ది నడిపాక 5,300వ వరుసలో ఇంకో తప్పు బయటపడితే మళ్లీ మొదటికే రావాలి. పైగా ఆ లావాదేవీ నడుస్తున్నంతసేపూ అది తాకిన వరుసలను మార్చబోయే ఇతరులు వేచి ఉండాలి. నిమిషంలో ముగిసే పనికి ఇది సమస్య కాదు. రెండు గంటలు నడిచే పనికైతే ఆఫీసు మొత్తం ఆగుతుంది.

చివర్లో ఒక్కసారే కమిట్ రాస్తే ‘అంతా లేదా ఏదీ లేదు’ అన్న హామీ దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది వాడే డేటాబేస్ మీద ఆధారపడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో లావాదేవీ మధ్య ఒక ఆదేశం విఫలమైతే తర్వాతి ఆదేశాలన్నీ తిరస్కరణకు గురవుతాయి. ప్రోగ్రాం పట్టుబట్టి ముందుకు పోబోతే ఈ సందేశం కనిపిస్తుంది:

```
ERROR:  current transaction is aborted, commands ignored until end of transaction block
```

మైఎస్‌క్యూఎల్ తీరు వేరు. అక్కడ ఇప్పటికే ఉన్న బిల్లు నంబరు మళ్లీ వచ్చిందనే లాంటి పొరపాటుకు ఆ ఒక్క ఆదేశమే రద్దవుతుంది. లావాదేవీ తెరిచే ఉంటుంది. ప్రోగ్రాం రాసినవారు ఆ పొరపాటును పట్టుకుని, లాగ్‌లో ఒక ముక్క రాసి, ముందుకు సాగి, చివర్లో కమిట్ కొట్టారనుకోండి. 5,999 బిల్లులు ఖాయమవుతాయి, ఒకటి పోతుంది. పైకి చూస్తే అది మొత్తం బ్యాచ్‌కు ఒకే కమిట్ ఉన్న ప్రోగ్రామే. లోపల జరిగింది మాత్రం పాక్షిక జమ. ఒకే ప్రోగ్రాంను ఒక డేటాబేస్ నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఈ తేడా తెలియక నష్టపోవడానికి పూర్తి ఆస్కారం ఉంది. పొరపాటు వస్తే వెంటనే రోల్‌బ్యాక్ చేయాలని స్పష్టంగా రాయడమే దీనికి విరుగుడు.

ఇక వరుసకొక కమిట్ సంగతి. దాని బలం ఏమిటంటే ఒకరి తప్పు మరొకరికి అంటుకోదు. 4,217వ రైతు వరుసను పక్కన పెట్టి మిగతా 5,999 మందికీ ఆ రాత్రే జమ చేయొచ్చు. పాల డబ్బు మీద ఇల్లు నడిచే కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. దాని బలహీనత మళ్లీ నడిపేటప్పుడు బయటపడుతుంది. సగంలో ఆగిన ప్రోగ్రాంను ఏమీ ఆలోచించకుండా మొదటి నుంచి నడిపితే 4,216 మందికి రెండోసారి జమ పడుతుంది. ‘4,217 నుంచి మొదలుపెట్టండి’ అని చేత్తో చెప్పే పద్ధతి ఉంది కానీ, సరిదిద్దేటప్పుడు ఎవరైనా ఫైలులో ఒక వరుస తీసేసినా, పేర్ల క్రమం మార్చినా ఆ సంఖ్యకు అర్థం ఉండదు.

కాబట్టి ఎవరికి జమ అయిందో గుర్తుపెట్టుకునే బాధ్యత మనిషికి కాక డేటాబేస్‌కే అప్పగించాలి. ప్రతి చెల్లింపుకూ మళ్లీ రాకూడని ఒక గుర్తింపు ఇచ్చి, ఆ నిబంధనను పట్టికలోనే పెడతారు.

```sql
INSERT INTO milk_payment (bill_no, farmer_id, amount)
VALUES ('B-04216', 318, 4860)
ON CONFLICT (bill_no) DO NOTHING;
```

ఆ బిల్లు నంబరు ఇప్పటికే ఉంటే ఈ ఆదేశం ఏమీ చేయదు. ఫైలును ఎన్నిసార్లు నడిపినా ఒక బిల్లుకు ఒకే జమ. అయితే ఇది సక్రమంగా పనిచేయాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఖాతా నిల్వను పెంచే ఆదేశం కూడా ఇదే లావాదేవీలో ఉండాలి. పైన నిజంగా ఒక వరుస చేరినప్పుడే అది నడవాలి. లేకపోతే జమ పట్టిక ఒకటి చెబుతుంది, నిల్వ ఇంకొకటి చెబుతుంది.

గుర్తింపును ఎంచుకోవడంలో ఇంకో చిక్కు దాగి ఉంది. ‘రైతు నంబరు, పక్షం’ రెండూ కలిపితే చాలు కదా అని తోస్తుంది. కానీ ఒకే రైతు రెండు కేంద్రాల్లో పాలు పోస్తే ఆ పక్షానికి అతనికి రెండు బిల్లులుంటాయి. రెండోదాన్ని డేటాబేస్ ‘ఇది ముందే అయిపోయింది’ అనుకుని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. బిల్లు నంబరే సరైన గుర్తింపు. అలాగే మొదటిసారి తప్పుడు సొమ్ముతో జమ అయిన బిల్లును సరిదిద్ది పంపితే పాత సొమ్మే మిగిలిపోతుంది. అందుకే బిల్లు నంబరు ఒకటే ఉండి సొమ్ము వేరుగా ఉంటే ప్రోగ్రాం దాన్ని దాటేయకుండా విడిగా ఎత్తి చూపాలి.

వరుసకొక కమిట్ పద్ధతిలో మరో ప్రమాదం కూడా ఉంది. ఒక బిల్లులో అక్షరం తప్పు పడటం ఆ బిల్లు లోపం. డేటాబేస్ యంత్రంలో డిస్కు నిండిపోవడం ఏ బిల్లు లోపమూ కాదు. కానీ ప్రతి పొరపాటునూ ఒకే తీరుగా పట్టుకుని ‘ఇది విఫలం, తర్వాతిది చూద్దాం’ అనేలా రాసిన ప్రోగ్రాం రెండింటినీ ఒకే గాటన కడుతుంది. 4,217 దగ్గర డిస్కు నిండిందంటే మిగతా 1,784 బిల్లులూ ఒక్కొక్కటిగా విఫలమై, తిరస్కృత జాబితాలో చేరిపోతాయి. మర్నాడు ఎవరో కూర్చుని 1,784 మంది ఖాతా నంబర్లు తనిఖీ చేస్తారు, వాటిలో ఒక్క తప్పూ కనిపించదు. బిల్లు లోపమైతే పక్కన పెట్టి సాగిపోవాలి, వ్యవస్థ లోపమైతే అక్కడికక్కడే ఆగాలి. రెండింటినీ విడదీయడం కష్టమైన చోట ఒక హద్దు పెడతారు: వరుసగా ఇరవై బిల్లులు విఫలమైతే ఆపెయ్. ఫైలులో ఒక గడి పక్కకు జరిగి అన్ని సొమ్ములూ తప్పుగా పడినప్పుడు కూడా ఇదే హద్దు కాపాడుతుంది.

పెద్ద బ్యాచ్‌లకు ఈ రెండింటి మధ్యస్థంగా ఒక దారి చాలాకాలంగా ఉంది. లావాదేవీల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన జిమ్ గ్రే, ఆండ్రియాస్ రాయిటర్‌తో కలిసి 1990ల తొలినాళ్లలో రాసిన పెద్ద గ్రంథంలో, నెలాఖరున బ్యాంకు ఖాతాలన్నింటికీ వడ్డీ జమ చేసే పనిని ఉదాహరణగా తీసుకుని దీన్ని వివరించారు. మొత్తాన్ని చిన్న చిన్న దఫాలుగా విడగొట్టి, ఒక్కో దఫాకు ఒక కమిట్ చేయడం ఆ పద్ధతి. ‘ఎక్కడిదాకా వచ్చాం’ అన్న గుర్తును కూడా అదే లావాదేవీలో రాయడమే అందులోని కీలకం. లెక్క, గుర్తు రెండూ కలిసి ఖాయమవుతాయి, లేదా రెండూ పోతాయి. గుర్తును విడిగా ఒక ఫైలులో రాస్తే కమిట్‌కూ ఆ రాతకూ మధ్య క్షణంలో కరెంటు పోయినప్పుడు ఒకటి నిలిచి ఇంకొకటి పోతుంది.

మన 6,000 బిల్లులను 500 చొప్పున విడగొడితే 12 దఫాలు అవుతాయి. 4,217వ బిల్లు తొమ్మిదో దఫాలో ఉంటుంది, అంటే 4,001 నుంచి 4,500 వరకు. మొదటి ఎనిమిది దఫాలు ఖాయమై 4,000 దగ్గర గుర్తు ఉంది. తొమ్మిదో దఫా విఫలమైతే అందులో రాసిన 216 బిల్లులు రోల్‌బ్యాక్ అవుతాయి. అప్పుడు ప్రోగ్రాం ఆ ఒక్క దఫాను మాత్రం బిల్లుకొక కమిట్‌తో మళ్లీ నడుపుతుంది. 499 జమ అవుతాయి, 4,217వది తిరస్కృత జాబితాకు వెళుతుంది. పదో దఫా నుంచి మళ్లీ మామూలు వేగం. మొత్తం మీద 12 కమిట్ల బదులు 510 అయ్యాయి. ఆరు వేలతో పోలిస్తే అది తక్కువే. జావా ప్రపంచంలో బాగా వాడే స్ప్రింగ్ బ్యాచ్‌లో, తప్పుడు వరుసలను దాటవేయమని చెప్పినప్పుడు రాసే దశలో పొరపాటు వస్తే జరిగేది దాదాపు ఇదే. దఫాను రోల్‌బ్యాక్ చేసి, దోషి ఎవరో తేలేదాకా వరుసలను ఒక్కొక్కటిగా మళ్లీ రాస్తుంది.

ఇక్కడే అసలైన చిక్కు మొదలవుతుంది. ఆ దఫాలో 216 మంది రైతులకు ‘మీ ఖాతాలో జమ అయింది’ అని ఎస్సెమ్మెస్ కూడా వెళ్లిపోయి ఉంటే? రోల్‌బ్యాక్ డేటాబేస్‌లోని రాతను చెరిపేస్తుంది, పంపిన సందేశాన్ని వెనక్కి తేదు. దఫాను మళ్లీ నడిపినప్పుడు అదే సందేశం రెండోసారి వెళుతుంది. సందేశం బదులు బ్యాంకుకు పంపిన చెల్లింపు ఆదేశం అయితే పరిస్థితి ఇంకా తీవ్రం. డేటాబేస్ బయట జరిగే పనికి కమిట్ గానీ రోల్‌బ్యాక్ గానీ వర్తించదు.

డబ్బు రెండోసారి వెళ్లిపోతే తిరిగి రాబట్టడం ఎంత కష్టమో 2021 క్రిస్మస్ రోజున బ్రిటన్‌లో శాంటాండర్ బ్యాంకు అనుభవం చెబుతుంది. సుమారు 2,000 వ్యాపార ఖాతాల తరఫున వెళ్లాల్సిన జీతాలు, సరఫరాదారుల బిల్లులు రెండుసార్లు వెళ్లాయి. సుమారు 75,000 చెల్లింపులు, మొత్తం 13 కోట్ల పౌండ్లు. షెడ్యూలింగ్‌లో వచ్చిన సమస్య వల్ల అలా జరిగిందని బ్యాంకు చెప్పింది. రెండోసారి వెళ్లిన డబ్బు ఖాతాదారులది కాదు, బ్యాంకు సొంతది. అది చాలావరకు ఇతర బ్యాంకుల ఖాతాల్లోకి చేరిపోవడంతో, వెనక్కి ఇప్పించమని ఆ బ్యాంకులను అడగాల్సి వచ్చింది. ఏ రోల్‌బ్యాక్ ఆదేశమూ అంతదూరం పోదు.

కాబట్టి బయటి పని ఉన్నచోట ఒక్కో బిల్లుకు ఒక కమిట్ కాదు, రెండు కావాలి. ముందు ‘పంపబోతున్నాం’ అని బిల్లు నంబరుతో సహా రాసి కమిట్ చేయాలి. ఆ తర్వాతే బ్యాంకుకు ఆదేశం పంపాలి. జవాబు వచ్చాక ‘జమ అయింది’ లేదా ‘తిరస్కరించారు’ అని రాసి మళ్లీ కమిట్ చేయాలి. ఈ రెండింటి మధ్య యంత్రం ఆగితే ‘పంపబోతున్నాం’ దగ్గర నిలిచిన బిల్లులు మిగులుతాయి. అవి జమ అయినవీ కాదు, కానివీ కాదు, తెలియనివి. వాటిని మళ్లీ పంపే ముందు అదే బిల్లు నంబరు చూపి బ్యాంకును అడగాలి. జవాబు రాకపోవడాన్ని వైఫల్యంగా లెక్కగట్టి మళ్లీ పంపేయడమే రెట్టింపు చెల్లింపులకు దారితీసే అతి సులువైన మార్గం.

బ్యాంకుల వైపు కూడా ఇదే ప్రశ్న ఉంది. దానికి జవాబు ప్రమాణాల్లోనే రాసి పెట్టారు. చెల్లింపు సందేశాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20022లో, పంపిన ఫైలుకు బ్యాంకు ఇచ్చే జవాబు పేరు `pain.002`. అందులో మొత్తం ఫైలుకు ఒక స్థితి ఉంటుంది, లోపల ఒక్కో చెల్లింపుకూ స్థితి చెప్పే చోటు ఉంటుంది. పైన `RJCT` అని ఉంటే తిరస్కరించారని అర్థం. `PART` అని ఉంటే కొన్నింటిని అంగీకరించారని, మిగతావి ఇంకా అంగీకార స్థితికి చేరలేదని. పైనున్న స్థితిని మాత్రమే చూసి, `RJCT` కాదు కాబట్టి అంతా సవ్యమే అనుకునే ప్రోగ్రాం, తిరస్కరణకు గురైన రైతును కూడా ‘జమ అయింది’ జాబితాలో వేస్తుంది. ఆ రైతు వచ్చి అడిగేదాకా ఎవరికీ తెలియదు.

తెలియడానికి మార్గం ఉంది, అది పెద్ద కష్టమేమీ కాదు. బ్యాచ్ ముగిశాక ఈ ప్రశ్న వేయాలి:

```sql
SELECT status, count(*), sum(amount)
FROM milk_payment
WHERE batch_id = 42
GROUP BY status;
```

జమ అయినవి, తిరస్కృతమైనవి, తెలియనివి కలిపితే ఫైలులోని 6,000 రావాలి. సొమ్ముల మొత్తం కూడా ఫైలు చివరి మొత్తంతో సరిపోవాలి. సంఖ్య సరిపోయి సొమ్ము తేడా వచ్చిందంటే ఎక్కడో పాత సొమ్ముతో ఒక బిల్లు మిగిలిపోయి ఉండొచ్చు. అందుకే రెండూ చూడాలి. ఇది సాధ్యం కావాలంటే 6,000 వరుసలనూ పని మొదలుకాక ముందే ‘రావలసినవి’గా పట్టికలో చేర్చాలి. సొమ్మును మొదట ఉన్నదున్నట్టు అక్షరాలుగానే తీసుకుని తర్వాత తనిఖీ చేస్తే, 4,217వ బిల్లు కూడా తిరస్కృత వరుసగా కళ్ల ముందే ఉంటుంది. తప్పుగా ఉన్న దాని సొమ్మును మాత్రం కాగితం బిల్లు చూసి కలుపుకోవాలి.

ఈ తనిఖీ దశను ఇంకాస్త ముందుకు జరిపితే చాలా తలనొప్పి తప్పుతుంది. జమ మొదలుపెట్టక ముందే 6,000 వరుసలూ చదివి, అంకె కాని సొమ్ము, లేని రైతు నంబరు, రెండుసార్లు వచ్చిన బిల్లు లాంటివన్నీ ఒకేసారి బయటపెడితే, రాత్రి పదింటికి ఆగాల్సిన ప్రోగ్రాం సాయంత్రం నాలుగింటికే తప్పుల చిట్టా చూపిస్తుంది. ఫైలు తయారుచేసినవారు ఇంకా ఆఫీసులోనే ఉంటారు. మూసేసిన ఖాతా లాంటి సంగతులు బ్యాంకు చెప్పేదాకా తెలియవు కాబట్టి పాక్షిక వైఫల్యం పూర్తిగా పోదు, తగ్గుతుంది.

ఏ పద్ధతి ఎక్కడ వాడాలన్నది వరుసల మధ్య సంబంధాన్ని బట్టి తేల్చాలి. సొసైటీ రోజువారీ పద్దులో డెబిట్, క్రెడిట్ పంక్తులు ఒకదానికొకటి సరిపోవాలి. వాటిలో సగం మాత్రమే రాసి ఉండటం తప్పుడు లెక్క. అక్కడ మొత్తానికీ ఒకే కమిట్ తప్ప మరో మాట లేదు. రైతుల బిల్లులు అలా కావు. ఒకరి బిల్లుకు ఇంకొకరి బిల్లుతో పని లేదు. అక్కడ విడివిడి కమిట్లు, లేదా చిన్న దఫాలు, వాటికి తోడు మళ్లీ రాకూడని బిల్లు నంబరు ఉండాలి. ఒకరి తప్పుకు అందరి డబ్బూ ఆపే హక్కు ఆ ప్రోగ్రాంకు లేదు.

సొసైటీకో, పంచాయతీకో, పాఠశాలకో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనే బాధ్యత మీమీద ఉంటే, తయారుచేసినవారిని ఒక పరీక్ష చేసి చూపించమనండి. పది వరుసల ఫైలు ఇచ్చి, ఏడో దానిలో కావాలనే తప్పు పెట్టి నడపమనండి. తర్వాత ఆ తప్పు సరిదిద్ది అదే ఫైలును మళ్లీ నడపమనండి. రెండోసారి తర్వాత పది మందికీ ఒక్కొక్క జమ మాత్రమే కనిపిస్తే, మొదటిసారి తర్వాత ఏడో వరుస పేరు పెట్టి ఎందుకు ఆగిందో తెరమీద చూపిస్తే, అప్పుడు డబ్బు చెల్లించండి.